బావ పోయారు, ఇద్దరు భార్యలు: ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి? ఆఫీసు తేల్చుకు రమ్మంటోంది

కంచరపాలెం_కుర్రోడు
మా అక్క విషయం. బావ విశాఖలోనే ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. 2001లో చేరారు, 2025 మార్చిలో సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. చివరి బేసిక్ 49,000. ఆయనకి 1998లో ఒక పెళ్ళయింది. ఆవిడ అనకాపల్లిలో ఉంటారు, కొడుక్కి 24 ఏళ్ళు. మా అక్కని 2008లో సింహాచలంలో చేసుకున్నారు. పాపకి 14, బాబుకి 11. పదిహేడేళ్ళు కలిసి కాపురం చేసింది మా అక్కే. రేషన్ కార్డు, ఆధార్, గ్యాస్ అన్నీ ఆ ఇంటి అడ్రసు మీదే ఉన్నాయి. సర్వీసు బుక్కులో కుటుంబ వివరాల ఫారంలో కూడా అక్క పేరే రాశారు, నామినేషన్లు అన్నీ అక్క పేరునే. ఇప్పుడు ఆవిడ కూడా క్లెయిమ్ పెట్టారట. "ఇద్దరూ కోర్టులో తేల్చుకుని రండి" అని ఆఫీసు లెటరిచ్చింది. ఫారంలో పేరున్నాక ఇంకేం తేల్చుకోవాలి?

సముద్రం_గాలి
నామినేషన్ ఎవరి పేరుంటే వాళ్ళకే. బ్యాంకులో అంతే కదా. లెటరుకి జవాబుగా నామినేషన్ జిరాక్సు పెట్టండి, అయిపోతుంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్
అవ్వదు. ఫ్యామిలీ పెన్షన్‌కి నామినేషన్ అనేదే లేదు. ఆయన రాసిచ్చింది కుటుంబ వివరాల ఫారం. ఇంట్లో ఎవరెవరున్నారో ఆఫీసుకి తెలియజేసే కాగితమే తప్ప, ఫలానా వాళ్ళకి ఇవ్వండి అని చెప్పే హక్కు ఉద్యోగికి దానితో రాదు. వీలునామా రాసినా చెల్లదు. 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది: ఫ్యామిలీ పెన్షన్ చనిపోయినవాడి ఆస్తి కాదు, ఆయన ఎవరికో రాసివ్వడానికి వీల్లేదు, రూల్లో ఉన్న వరస ప్రకారమే వెళ్తుంది.

ఇక వరస. ముందు చట్టబద్ధమైన భార్య. మొదటావిడతో విడాకులు కాకపోతే 2008 పెళ్ళి హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి నుంచీ చెల్లని పెళ్ళి. పదిహేడేళ్ళు కాపురం చేసినా, ఊరంతా అన్నప్రాసనకి వచ్చినా అంతే. మీ అక్కగారు ఈ రూలు లెక్కలో భార్య కాదు. చెప్పడానికి నాకూ బాగాలేదు. కానీ పిల్లల సంగతి పూర్తిగా వేరు, అది కలిపి చూడకండి.

డాల్ఫిన్స్_నోస్
సూపరింటెండెంట్ గారూ, 2021 కేంద్ర పెన్షన్ రూల్స్‌లో 50వ రూలు తీసి చదవండి. "వితంతువులు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే సమాన వాటాలు" అని స్పష్టంగా ఉంది. బహువచనం! ఇద్దరు భార్యలుంటే చెరి సగం. కోర్టు ఎందుకు?

నసీమా_అక్కయ్యపాలెం
ఆ బహువచనం మాలాంటి వాళ్ళ కోసం. పర్సనల్ లా రెండో పెళ్ళిని ఒప్పుకునే చోట ఇద్దరూ వితంతువులే, కాబట్టి సమాన వాటాలు. ఒకావిడ పోతే ఆవిడ వాటా ఆవిడ పిల్లలకి, పిల్లలు లేకపోతే రెండో ఆవిడకి వెళ్తుంది. హిందువుల్లో 1955 తర్వాత మొదటి భార్య బతికుండగా ఇంకొకావిడ చట్టం ముందు వితంతువు ఎలా అవుతారు? అసలు ఆ మాటకి వస్తే మా వాళ్ళయినా సరే, ఉద్యోగి ముందు డిపార్టుమెంటు అనుమతి తీసుకోవాలి.

డాల్ఫిన్స్_నోస్
ఓహో. బహువచనం దగ్గరే ఆగిపోయాను.

అనకాపల్లి_బెల్లం
మా ఊరావిడ అంటే పక్షపాతం అనుకోకండి గానీ, ఇన్నాళ్ళూ ఆవిడ ఎక్కడుందో పట్టించుకోనివాళ్ళు ఇప్పుడు "కాపురం చేసింది మా అక్కే" అనడం ఏటండి?

కంచరపాలెం_కుర్రోడు
ఎవరినీ తక్కువ చేయడం లేదండి. పిల్లల చదువు ఆగిపోతుందనే నా భయం. సూపరింటెండెంట్ గారూ, పిల్లల సంగతి వేరు అన్నారు కదా, వివరంగా చెప్పండి.

రిటైర్డ్_సూపరింటెండెంట్
పెళ్ళి చెల్లకపోయినా ఆ పెళ్ళిలో పుట్టిన పిల్లలు చెల్లుతారు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షను వాళ్ళని సక్రమ సంతానంగానే చూస్తుంది. 2000 సంవత్సరంలో రామేశ్వరీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: రెండో ఆవిడకి లేదు, ఆవిడ పిల్లలకి ఉంది. కేంద్రం 2012లో పెన్షన్ శాఖ ఉత్తర్వుగా కూడా ఇచ్చింది. లెక్క ఎలా కడతారంటే, ఆ పెళ్ళి చెల్లి ఉంటే తల్లికి ఎంత వాటా వచ్చేదో అంత పిల్లలకి.

మీ కేసులో పెట్టి చూద్దాం. సర్వీసులో ఉండగా పోయారు కాబట్టి మొదటి పదేళ్ళు పెంచిన రేటు, అంటే చివరి బేసిక్‌లో సగం: 24,500. మొదటావిడకి 12,250, మీ అక్క పిల్లలకి 12,250. ధరల పెరుగుదలకి ఇచ్చే డీఆర్ దానిమీద అదనం. 2035 మార్చి తర్వాత మామూలు రేటు 30 శాతానికి దిగుతుంది, 14,700. అప్పుడు చెరి 7,350.

పిల్లల వాటా 25 ఏళ్ళు నిండేవరకో, పెళ్ళయ్యేవరకో, సంపాదన మొదలయ్యేవరకో, ఏది ముందైతే అంతవరకు. పాప 2010లో పుట్టిందనుకుంటే దాదాపు పెంచిన రేటు ఉన్నన్నాళ్ళూ పాప పేరునే వస్తుంది. ఆ తర్వాత బాబుకి మారుతుంది. బాబుకీ 25 నిండాక ఆ సగం ఆగిపోదు, మొదటావిడ వాటాతో కలిసి ఆవిడకి మొత్తం వెళ్తుంది.

లెక్కల_మాస్టారు_పెందుర్తి
ఒక్క అభ్యంతరం. పాపకి మొత్తం ఇచ్చి తర్వాత బాబుకి అన్నారు. వయసు వరస అనేది మామూలు కేసుల్లో. ఇలా తల్లి వాటా పిల్లలకి దిగినప్పుడు ఇద్దరికీ సమానంగా పంచి మంజూరు చేసినవి కూడా చూశాను. రూల్లో "చైల్డ్ ఆర్ చిల్డ్రన్" అనే ఉంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్
నేను చూసిన ఫైళ్ళలో పెద్దవాళ్ళతోనే మొదలుపెట్టారు. మీరన్నట్టు పంచిన ఆర్డర్లూ ఉండొచ్చు, కాదనను. ఈ ఇంటి వరకు పెద్ద తేడా లేదు, రెండూ ఒకే తల్లి చేతికి వస్తాయి. తేడా కనపడేది పాపకి పెళ్ళయిన రోజు. మంజూరు ఆర్డరులో ఎలా రాశారో అప్పుడు చూసుకోవాలి.

గాజువాక_శ్రీను
మా చిన్నాన్న స్టీల్ ప్లాంటులో చేసి పోయారు. ఆయనకీ ఇద్దరు. ఈ సగం సగం లెక్క మాకూ వర్తిస్తుందా?

లెక్కల_మాస్టారు_పెందుర్తి
వర్తించదు. స్టీల్ ప్లాంటు పెన్షన్ అంటే ఈపీఎఫ్ వాళ్ళ 1995 స్కీము. అందులో వితంతువుకి వేరే, పిల్లలకి వేరే లెక్క, ఫారాలు వేరే. కొత్త చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే ఈ తమ్ముడు గందరగోళపడతాడు.

మర్రిపాలెం_మహాలక్ష్మి
24 ఏళ్ళ అబ్బాయి కూడా వాటా అడగడా? తండ్రిది కదా.

రిటైర్డ్_సూపరింటెండెంట్
చాలా ఇళ్ళలో గొడవ ఇక్కడే మొదలవుతుంది తల్లీ. పెన్షన్‌ని పొలంలా పంచుకోవాలనుకుంటారు. తల్లి బతికుంది, సగం తీసుకుంటోంది. ఆ సగంలో అబ్బాయి కూడా ఉన్నట్టే, విడిగా వాటా లేదు. బావగారి తల్లి ఉన్నా అంతే. భార్య గానీ అర్హత ఉన్న పిల్లలు గానీ ఒక్కరు ఉన్నా తల్లిదండ్రుల దాకా వరస రాదు.

న్యాయవాది_ద్వారకానగర్
కుర్రోడు గారూ, మీరు ఒక ముఖ్యమైన మాట చెప్పలేదు. కుటుంబ వివరాల ఫారంలో మీ అక్క పేరు పెట్టినప్పుడు ఆఫీసు ఏమీ అడగలేదా? 1998 పెళ్ళి సంగతి సర్వీసు బుక్కులో లేదా? విడాకుల కాగితం ఏదైనా ఇచ్చారా?

కంచరపాలెం_కుర్రోడు
ఉందండి. 2007లో అనకాపల్లిలో పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడిపోయినట్టు రాసుకున్నారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు, నోటరీ కూడా ఉంది. 2009లో బావ దాని జిరాక్సు పెట్టి ఆఫీసులో పేరు మార్పించారు. ఎవరూ ఏమీ అనలేదు. మొదట్లోనే చెప్పాల్సింది.

అనకాపల్లి_బెల్లం
ఇంత పెద్ద బాంబు జేబులో పెట్టుకుని తిరుగుతున్నావేటి బాబూ!

న్యాయవాది_ద్వారకానగర్
ఇప్పుడు కేసు మారింది. జాగ్రత్తగా వినండి.

హిందువులకి విడాకులు కోర్టు డిక్రీతోనే. దీనికి ఒకే ఒక మినహాయింపు 29వ సెక్షను రెండో భాగంలో ఉంది: కులాచారంలో విడాకులు ఎప్పటినుంచో ఉంటే ఆ ఆచారాన్ని చట్టం రద్దు చేయలేదు. కాబట్టి ఆ స్టాంపు కాగితం బలం స్టాంపులో లేదు, నోటరీలో లేదు. మీ బావగారి కులంలో, ఆ ప్రాంతంలో పెద్దమనుషుల ముందు విడిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకునే ఆచారం పాతకాలం నుంచి ఎడతెగకుండా ఉందని నిరూపించాలి. కులపెద్దల సాక్ష్యం కావాలి, ఇలాగే విడిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న పాత జంటల ఉదాహరణలు కావాలి. "మా ఊళ్ళో అందరూ ఇలాగే చేస్తారు" అంటే కోర్టు వినదు. ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే. ఆచారం ఉందని పిటిషన్లో ఒక్క వాక్యం కూడా రాయకుండా కాగితం ఒక్కటే దాఖలు చేస్తారు.

నిరూపిస్తే 2008 పెళ్ళి చెల్లుతుంది, మీ అక్క చట్టబద్ధమైన వితంతువు, అనకాపల్లి ఆవిడ విడాకులు పొందిన భార్య. నిరూపించలేకపోతే పైన సూపరింటెండెంట్ గారు చెప్పిన లెక్క.

సముద్రం_గాలి
అయితే గెలిస్తే మొత్తం 24,500 అక్కకే!

రిటైర్డ్_సూపరింటెండెంట్
పూర్తిగా కాదు. విడాకులు పొందిన భార్య పిల్లలకి కూడా, తల్లి విడిపోకుండా ఉంటే వచ్చే వాటా ఇవ్వాలని అదే రూల్లో ఉంది. అంటే అప్పుడు ఆ సగం 24 ఏళ్ళ అబ్బాయికి వెళ్ళాలి, 25 నిండేదాకా. అతను ఏం చేస్తున్నాడు?

కంచరపాలెం_కుర్రోడు
పరవాడ ఫార్మాలో. రెండేళ్ళయింది. ఇరవై వేలు వస్తాయనుకుంటా.

రిటైర్డ్_సూపరింటెండెంట్
అయితే అతనికి రాదు. 9,000, దానిమీద డీఆర్ కలిపి నెలకి అంత సంపాదిస్తే పిల్లల అర్హత పోతుంది. 2025 మొదట్లో డీఆర్ 55 శాతం, అంటే 13,950. ఇరవై వేలు దాన్ని దాటిపోయింది. కాబట్టి గాలి గారు ఈసారి పొరపాటున నిజమే చెప్పారు.

సముద్రం_గాలి
పొరపాటున కాదండి, అనుభవం 😄

న్యాయవాది_ద్వారకానగర్
అందుకే ఆ అనకాపల్లి ఆవిడ ఆ కాగితాన్ని గట్టిగా ఎదిరిస్తుంది. ఆవిడకి సగమా సున్నానా, మీ అక్కకి సున్నానా మొత్తమా అన్నది ఆ ఒక్క ఆచారం మీద ఆధారపడింది. సంతకం బలవంతంగా పెట్టించారని కూడా అనొచ్చు.

ఇక ఎక్కడ వేయాలి. చాలామంది సక్సెషన్ సర్టిఫికెట్‌కి వెళ్తారు. అది చనిపోయినవారికి రావలసిన బాకీలు, సెక్యూరిటీల కోసం. పెన్షన్‌కి అది సరైన తలుపు కాదు. కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్ క్యాట్‌కి వెళ్తే అది సర్వీసు విషయం చూస్తుంది తప్ప ఎవరు భార్య అన్నది సాక్ష్యాలు పెట్టి తేల్చదు. పెళ్ళి చెల్లుతుందా, ఎవరి హోదా ఏమిటి అన్న ప్రకటన కోసం ఫ్యామిలీ కోర్టు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షనులో ఆ అధికారం ఉంది, విశాఖలో ఆ కోర్టు ఉంది. మొదటావిడని, ఆఫీసుని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. ఆఫీసుని మరిచిపోతే డిక్రీ తీసుకెళ్ళాక "మేం పార్టీ కాదు" అంటారు.

మల్కాపురం_రాజు
తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుంటే చాలదా? సచివాలయంలో అప్లై చేస్తే వస్తుంది.

కంచరపాలెం_కుర్రోడు
పెట్టాం. ఆవిడ తరఫున అభ్యంతరం రాగానే పక్కన పెట్టేశారు.

రిటైర్డ్_సూపరింటెండెంట్
పెట్టేస్తారు, వివాదం ఉంటే అది వాళ్ళ పని కాదు. అలాగే ఆధార్, రేషన్ కార్డు చిరునామా చెప్తాయి, పెళ్ళిని నిరూపించవు. కలిసి బతికారు కాబట్టి పెళ్ళయినట్టే అనే ఊహ కూడా మొదటి భార్య బతికుండగా నిలబడదు.

పిల్లల కాగితాలే మీకు బలం. పుట్టినప్పుడే నమోదైన జనన ధ్రువపత్రాల్లో తండ్రి పేరు, స్కూలు అడ్మిషన్ రికార్డు, ఆఫీసు మెడికల్ కార్డులో పిల్లల పేర్లు. ఆయన పోయిన తర్వాత నమోదు చేయించిన పుట్టిన తేదీ కాగితం ఏదైనా ఉంటే ముందే చూసుకోండి, ఎదటి లాయరు మొదట పట్టేది దాన్నే.

కంచరపాలెం_కుర్రోడు
ఆ కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ ఫ్యామిలీ కోర్టు అంటే ఏళ్ళు పడుతుంది కదా. అన్నాళ్ళూ ఏమీ రాదా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
మీరు చేసిన తప్పు ఇదీ. మీ అక్క తన పేరుతో ఒకే క్లెయిమ్ పెట్టింది, అందులో పిల్లలు కింద ఎక్కడో ఉన్నారు. అందుకే ఆఫీసు మొత్తం పక్కన పెట్టింది. ఇప్పుడు పిల్లల పేరున విడిగా క్లెయిమ్ ఫారం పెట్టండి, మీ అక్క సంరక్షకురాలిగా సంతకం చేస్తుంది. కన్నతల్లి కాబట్టి కోర్టు గార్డియన్ ఆర్డరు అక్కర్లేదు.

కవరింగ్ లెటరులో ఒక్క మాట స్పష్టంగా రాయండి: పెళ్ళి చెల్లినా చెల్లకపోయినా ఈ పిల్లల అర్హతలో తేడా లేదు, కాబట్టి కనీసం సగం మొత్తానికి పిల్లల క్లెయిమ్ వివాదంలో లేదు. తల్లి తన హక్కు వదులుకోవడం లేదని కూడా అదే లెటరులో రాయండి, లేకపోతే రేపు దాన్నే ఒప్పుకోలుగా చూపిస్తారు.

న్యాయవాది_ద్వారకానగర్
లెటరు ఐడియా బాగుంది, ఒక్క సవరణ. పెళ్ళి చెల్లితే తల్లికి వస్తుంది, పిల్లలకి ఆ రోజుకి విడిగా రాదు. "ఎలా చూసినా ఆ సగం ఈ ఇంటికే" అని రాయండి, అది తిరుగులేని మాట. ఆఫీసు ఒప్పుకుంటుందని హామీ ఇవ్వను. కానీ రాతపూర్వకంగా కాదంటే, దాన్ని క్యాట్‌లో ప్రశ్నించడానికి మంచి కారణం దొరుకుతుంది.

డాల్ఫిన్స్_నోస్
ఇద్దరు ఆడవాళ్ళూ కూర్చుని చెరి సగం అని రాజీ రాసుకుంటే?

న్యాయవాది_ద్వారకానగర్
గ్రాట్యుటీకి, ప్రావిడెంట్ ఫండ్ జీపీఎఫ్‌కి రాజీ పనిచేయొచ్చు. పెన్షన్ ఒప్పందంతో పుట్టేది కాదు, రూలుతో పుట్టేది. కోర్టు ముందు నమోదైన రాజీని కొన్ని ఆఫీసులు గౌరవిస్తాయి, కొన్ని గౌరవించవు.

రిటైర్డ్_సూపరింటెండెంట్
ఈ ఒక్క విషయంలో నేను లాయరు గారి కంటే కఠినంగా ఉంటాను. చట్టబద్ధమైన భార్య కాని మనిషికి రాజీ కాగితం చూసి పెన్షన్ మంజూరు చేసిన అధికారి రేపు ఆడిట్‌కి జవాబు చెప్పుకోవాలి. నేనైతే సంతకం పెట్టను.

లెక్కల_మాస్టారు_పెందుర్తి
ఆ ఆడిట్ సంగతి వదిలేద్దాం గానీ, గ్రాట్యుటీ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అక్కడ నామినేషన్‌కి విలువ ఉంది, కానీ కుటుంబం ఉన్నవాడు కుటుంబంలోని వాళ్ళకే రాయాలి. పెళ్ళి చెల్లదంటే నామినేషనూ చెల్లదు. అప్పుడు భార్య, కొడుకులు, పెళ్ళికాని కూతుళ్ళకి సమాన వాటాలు.

24 ఏళ్ళ సర్వీసుకి 24 నెలల జీతం, డీఏతో కలిపి. 49,000 మీద 55 శాతం డీఏ కలిపితే 75,950, ఇరవై నాలుగు రెట్లు 18,22,800. నాలుగు వాటాలు: మొదటావిడ, పెద్దబ్బాయి, మీ పాప, మీ బాబు. తలా 4,55,700. జీపీఎఫ్ దగ్గర మాత్రం మేజరైన కొడుక్కి వాటా లేదు. అక్కడ మూడే వాటాలు, అందులో రెండు మీ అక్క పిల్లలవి. ఈ తేడా తెలియక జీపీఎఫ్‌ని కూడా నాలుగుగా భాగించి సంతకాలు పెట్టేవాళ్ళున్నారు.

మర్రిపాలెం_మహాలక్ష్మి
మధ్యలో నాదొకటి. మా వదినకి నాన్న పోయాక విడాకులొచ్చాయి. ఆ నాన్నగారి పెన్షన్ అడగొచ్చా? వాళ్ళమ్మ కూడా లేరు.

రిటైర్డ్_సూపరింటెండెంట్
విడాకుల కేసు తల్లిదండ్రుల్లో ఒకరు బతికుండగా కోర్టులో వేసి ఉంటే, డిక్రీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు. కేసే ఆ తర్వాత వేస్తే కష్టం. కేసు నంబరు మీద తేదీ చూడండి.

మల్కాపురం_రాజు
ఇంకో భయం. రెండో పెళ్ళి చేసుకున్నందుకు కండక్ట్ రూల్స్ కింద చర్య అని చెప్పి పెన్షనే ఆపేస్తే?

రిటైర్డ్_సూపరింటెండెంట్
బతికుండగా చర్య తీసుకునేవారు, నిజమే. మనిషి పోయాక శాఖాపరమైన విచారణ నడవదు, దాంతోనే ముగుస్తుంది. పిల్లల పెన్షన్‌కి అది అడ్డు కాదు.

కంచరపాలెం_కుర్రోడు
సోమవారం పిల్లల పేరున ఫారం పెడుతున్నాం. అక్క ఆ స్టాంపు కాగితం అసలు పట్టుకుని అనకాపల్లి పెద్దమనుషుల్లో బతికున్న ఇద్దర్ని కలవడానికి వెళ్తోంది. ఒక్క సందేహం మిగిలింది. పాపకి 25 దాటాక కూడా పెళ్ళి, ఉద్యోగం రెండూ కాకపోతే ఆ సగం మొదటావిడకి వెళ్ళిపోతుందా, లేక పెళ్ళికాని కూతురిగా పాపకే కొనసాగుతుందా?

లెక్కల_మాస్టారు_పెందుర్తి
పెళ్ళికాని కూతురు వరస 25 లోపు పిల్లలందరూ అయిపోయాకే. ముందు బాబు తీసుకోవాలి. ఆ తర్వాత మొదటావిడ బతికుండగా పాపకి వస్తుందా అన్నదే చిక్కు. నేనైతే రాదంటాను.

న్యాయవాది_ద్వారకానగర్
నేనైతే అడిగి చూడమంటాను. తల్లి వాటా అన్నాక ఆ తల్లి పిల్లలు ఎవరూ మిగలకపోతేనే పక్కకి వెళ్ళాలి.

రిటైర్డ్_సూపరింటెండెంట్
బాబుకి 25 నిండాకే ఆ ప్రశ్న, దానికి ఇంకా పదమూడేళ్ళ పైనే ఉంది. ఈలోగా చేయాల్సింది: పాప పేరున మైనర్ ఖాతా, సంరక్షకురాలిగా అక్క పేరు, మంజూరు ఆర్డరులో కూడా అలాగే. ఖాతా అక్క సొంత పేరున ఇస్తే వెనక్కి పంపుతారు, మళ్ళీ మూడు నెలలు.